శీతశైలం

రాత్రి పదింబావుకు రమ్య మెట్లెక్కడం మొదలుపెట్టింది. సాయంత్రం నాలుగింటి నుంచి బీసెంట్ రోడ్డులోని బట్టల దుకాణంలో నిలబడే ఉంది. అక్కడ అమ్మకాల అమ్మాయిలకు కుర్చీ వేయరు. కొండ కింద ఆటో దిగాక ఇంటికి 186 మెట్లు. చిన్నప్పుడు లెక్కపెట్టింది, ఇప్పుడు మోకాళ్లు వాటంతట అవే లెక్కపెట్టుకుంటాయి. విజయవాడలో కొండ మీద కాపురం ఉన్నవాళ్లకు తెలుసు, పగలంతా కాలిన రాయి అర్ధరాత్రి దాటేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది.

తెల్లారితే తెలుగు పరీక్ష. తక్కిన పాఠాలన్నీ ఎలాగోలా అయ్యాయి. ఒక్క పద్యం మిగిలింది. పోయినేడు వచ్చిన ప్రశ్న కాబట్టి ఈసారి రాదని స్నేహితురాళ్లు ధైర్యం చెప్పారు. రమ్యకు ఆ ధైర్యం చాల్లేదు. ప్రతిపదార్థానికి 8 మార్కులు.

అటఁ జని కాంచె భూమిసురుఁ డంబరచుంబి శిరస్సరజ్ఝరీ
పటల ముహుర్ముహుర్లుఠ దభంగ తరంగ మృదంగ నిస్వన
స్ఫుట నటనానుకూల పరిఫుల్ల కలాప కలాపి జాలమున్
గటక చరత్కరేణు కర కంపిత సాలము శీతశైలమున్

గైడులో అన్నీ విడగొట్టి ఉన్నాయి. అంబరచుంబి అంటే ఆకాశాన్ని ముద్దాడే. ముహుర్ముహుః అంటే మాటిమాటికి. లుఠత్ అంటే దొర్లుతున్న. అభంగ అంటే ఎడతెగని. ఒక్కో ముక్క అడిగితే నిద్రలో కూడా చెప్పగలదు. ముక్కలన్నీ కలిపి చదవబోతే మాత్రం నోట్లో గులకరాళ్లు పోసుకున్నట్టు ఉంటుంది. పైగా మాటిమాటికీ దొర్లే అలలు ఎడతెగనివి ఎలా అవుతాయో గైడు రాసినాయన చెప్పలేదు. ఆయనకూ తెలిసి ఉండదు.

ప్రవరుడు హిమాలయాన్ని చూశాడు. అంతే కదా విషయం! ఆ ముక్క చెప్పడానికి ఇంత సమాసం దేనికి? రాయలవారి కొలువులో పెద్దనకు ఇంకో పని లేదు కాబోలు. రమ్యకు నిజంగానే కోపం వచ్చింది. ఐదు వందల ఏళ్ల కిందటి మనిషి మీద కోపం రావడం ఏమిటని మళ్లీ నవ్వూ వచ్చింది. పక్కగదిలో అమ్మ చీరకు ఫాల్ కుడుతోంది. పన్నెండున్నరకు మిషను చప్పుడు ఆగింది. ఆ తర్వాత ఎప్పుడో రమ్య తల పుస్తకం మీద వాలింది.

గొట్టంలో గాలి బుసకొట్టిన చప్పుడుకు మెలకువ వచ్చింది. రెండున్నర. కుళాయి వచ్చేస్తోంది.

అమ్మ చాప మీద లేవబోయింది.

"నువ్వు పడుకో అమ్మా. నేను పడతాను."

"నీకు పరీక్ష కదే."

"ఎలాగూ మెలకువ వచ్చింది."

వాకిట్లో నీలం డ్రమ్ము ఖాళీగా ఉంది. అడుగున నిన్నటి నీళ్లు గ్లాసెడు కూడా లేవు. గొట్టం అంచుకు తగిలించి కుళాయి తిప్పింది. ముందు గాలి, తర్వాత తుప్పు రంగు చుక్కలు, తర్వాత ఒక్కసారిగా ధార. ఖాళీ డ్రమ్ము ఢమ్మని మోగింది. పక్కింటి కుక్క ఒక కన్ను తెరిచి చూసి మూసుకుంది.

నీళ్లు నిండేదాకా చేసేది ఏమీ లేదు. బొటనవేలు పేజీలో ఉంచుకునే బయటికి వచ్చిందని అప్పుడు గమనించింది. వీధి దీపం వెలుగు మెట్ల మీద పడుతోంది గాని పుస్తకం దాకా రాదు. చూడకుండానే రెండో పాదం నోటికి వచ్చింది.

ముహుర్ముహుర్లుఠ దభంగ తరంగ మృదంగ...

ధారలో ఇంకా గాలి ఉంది. నీళ్లు తెగడం లేదు, కానీ ఒకే తీరుగానూ పడటం లేదు. వెనక నుంచి ఏదో తోసినట్టు ఒక్కో పోటుకు బరువెక్కుతోంది, మళ్లీ తేలికవుతోంది. డ్రమ్ము గోడకు తగిలి నీరు మెలితిరిగి దొర్లుతోంది. తెగని ధారే మాటిమాటికీ పొర్లుతోంది.

రమ్య కుళాయి వైపు అలాగే చూస్తూ నిలబడింది. గైడాయన చెప్పనిది ఇదే.

మెల్లగా మళ్లీ చదివింది. ఈసారి విడగొట్టలేదు. దభంగ. తరంగ. మృదంగ. మూడింటికీ నడుమ అక్షరం మీదే బరువు. లఘువు, గురువు, లఘువు. చంపకమాలకు గణాలు నజభజజజర అని తొమ్మిదో తరగతి నుంచి రాస్తూనే ఉంది. మూడు జగణాలు వరుసగా వస్తే ఏమవుతుందో చెవికి ఎన్నడూ అందలేదు. దరువు పడుతుంది. మృదంగం అని చెప్పే చోట మృదంగం మోగించే పెట్టాడు మహానుభావుడు. తర్వాతి పాదంలో అదే చోట కలాప కలాపి. వాయించిన దరువుకే నెమళ్లు అడుగులు వేస్తున్నాయి. తెలుగు మేడం క్లాసులో ఈ పద్యం గొంతెత్తి పాడిన రోజు రమ్య వెనక బెంచీలో కునుకు తీస్తోంది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

డ్రమ్ము సగం నిండింది. ఢం అన్నది కాస్తా గుబగుబలోకి మారింది.

మరి అంత పొడుగు సమాసం దేనికన్న ప్రశ్న అలాగే ఉంది. రమ్య కింద మెట్ల వైపు చూసింది. ప్రవరుడు ఎక్కలేదు కదా! అరుణాస్పదపురంలో సిద్ధుడు కాళ్లకు లేపనం పూశాడు, క్షణంలో మంచుకొండ మీద ఉన్నాడు. చెమట పట్టలేదు, మోకాలు నొయ్యలేదు. అటఁ జని కాంచె. వెళ్లాడు, చూశాడు, ఆయన పని ఐపోయింది. కొండ ఎక్కాల్సింది చదివేవాళ్లు. శిఖరాల మీది సెలయేళ్లు, అలలు, నెమళ్లు, చరియల్లో తిరిగే ఆడ ఏనుగులు, వాటి తొండాలకు ఊగే మద్దిచెట్లు అన్నీ దాటుకుంటూ ఊపిరి బిగబట్టి వస్తే చిట్టచివర దొరుకుతుంది, శీతశైలమున్. చల్లన అన్న మాట అక్కడిదాకా ఎక్కడా లేదు. చివరి మెట్టు మీద దాచాడు.

ఆ మాట అనగానే మెడ మీద నిజంగానే చల్లగా తగిలింది. డ్రమ్ము నిండి తుంపర లేస్తోంది.

కుళాయి కట్టేసి, మూత పెట్టి, బిందె కూడా నింపి లోపలికి వచ్చేసరికి అమ్మ మేలుకునే ఉంది.

"ఎవరితోనే మాట్లాడుతున్నావు ఇంతసేపు?"

"పద్యం చదువుతున్నానమ్మా. ఒకాయన కాళ్లకు పసరు రాసుకుని ఒక్క క్షణంలో హిమాలయాలకు వెళ్లిపోతాడు."

"మెట్లు ఎక్కకుండానేనా?"

"ఒక్కటి కూడా."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. నిద్రపోయిందనుకుని రమ్య లైటు తీయబోయింది.

"ఇంట్లో చెప్పి వెళ్లాడా?"

"లేదు. ముసలి అమ్మానాన్నలు, భార్య అందరూ ఉన్నారు. తీరా తిరిగి రాబోతే మంచుకు ఆ పసరు కాస్తా కరిగిపోయి ఉంది."

అమ్మ లేచి కూర్చుంది. "అయ్యో! మరి ఆ పిల్లవాడు ఇంటికి ఎలా వచ్చాడు?"

"మా పాఠం అంతవరకే ఉందమ్మా."

"సరిపోయింది" అంది అమ్మ. "రేపు పరీక్ష అయ్యాక మీ మేడంను అడిగి తెలుసుకో. వాళ్లమ్మ తలుపు తీసుకుని కూర్చుని ఉంటుంది."