నిన్న రాత్రి మీరు అడిగినదానికి

నమస్తే అండీ,

నిన్న రాత్రి పదకొండు దాటాక మీరు రెండు సంగతులు అడిగారు: నా ప్రైవేట్ ఫోటోలు పంపమని, లైవ్ లొకేషన్ పెట్టమని. నిద్ర వస్తోందని చెప్పి ఫోను పక్కన పెట్టేశాను గానీ నిద్ర రాలేదు. మిమ్మల్ని నొప్పించకుండా ఎలా చెప్పాలా అని చాలాసేపు ఆలోచించాను. ఉన్నదున్నట్టు చెప్పడమే మేలనిపించింది.

అలాంటి ఫోటోలు నేను పంపనండీ. ఒకసారి చూడగానే పోయేలా పంపవచ్చు, స్క్రీన్‌షాట్ కూడా తీయడం కుదరదు అన్నారు. పక్కన ఇంకో ఫోను ఉంటే తెరను ఫోటో తీయడానికి క్షణం చాలు. మీరు తీస్తారని కాదు. చేయి దాటిపోయిన ఫోటో మీద నాకు ఇక ఏ అధికారమూ ఉండదు, ఆ దిగులు మాత్రం నాతోనే ఉండిపోతుంది. "నమ్మకం లేదా?" అని మీరు అడిగినప్పుడు మనసు చివుక్కుమంది. మనకు పరిచయమై మూడు వారాలు. నమ్మకం ఉండబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. దాన్ని ఫోటోతో రుజువు చేయమని మాత్రం అడగకండి.

లైవ్ లొకేషన్ సంగతి కూడా అంతే. క్షేమంగా చేరానో లేదో చూసుకోవడానికి ఎనిమిది గంటల పాటు పెట్టమన్నారు. మీ ఆదుర్దా నాకు అర్థమైంది, సంతోషంగా కూడా ఉంది. కానీ నేను ఏ సందులో నడుస్తున్నానో, ఏ గేటు లోపలికి వెళ్తున్నానో అంతా అందులో కనబడుతుంది. మనం ఇంకా ఒకసారైనా ఎదురుగా కూర్చుని మాట్లాడుకోలేదు. ప్రయాణాల్లో లొకేషన్ మా అక్కకు పంపుతాను. గదికి చేరాక "వచ్చేశాను" అని మీకు నేనే చెప్తాను.

ఈ రెండూ మళ్లీ అడగవద్దని నా మనవి. అడిగితే మీతో మాట్లాడాలన్న ఇష్టమే తగ్గిపోతుంది, అది నాకు బాధ. 2016 కృష్ణా పుష్కరాల్లో పద్మావతి ఘాట్ దగ్గర యాత్రికులకు మంచినీళ్లు అందించానని మీరు చెప్పిన రోజు గంటన్నర మాట్లాడుకున్నాం, గుర్తుందా? ఆ తర్వాత మీ ఫోను కోసం ఎదురుచూడటం నాకు అలవాటైంది.

ఆదివారం గుంటూరు నుంచి బస్సులో విజయవాడ వస్తాను. పది గంటలకు బస్టాండు దగ్గరి రాజీవ్ గాంధీ పార్కు గేటు దగ్గర కలుద్దాం. చీకటి పడకముందే తిరిగి వెళ్లిపోతాను, అక్కకు అలాగే చెప్పాను. మీరు నీళ్లందించిన ఆ మెట్లు నాకు చూపించాలి. మీ అమ్మగారి ఉలవచారు చిన్న డబ్బాలో తెస్తానన్నారు, మరిచిపోకండి.