మన బేకరీ స్వాట్: రెండో ప్రతి

అన్నయ్యా, ఆదివారం అందరం కూర్చుని రాసిన మొదటి ప్రతిలో 17 అంశాలున్నాయి. చాలావాటిని కొట్టేశాను. “నాణ్యత బాగుంటుంది”, “పోటీ పెరిగింది” లాంటివి విజయవాడలో ఏ బేకరీ గోడకు అంటించినా సరిపోతాయి. వాటిని చదివి రేపు మనం ఒక్క ట్రే పెంచం, తగ్గించం. మిగిలినవాటికి అమ్మకాల పుస్తకం నుంచీ, కౌంటర్ దగ్గర 14 రోజులు నేను రాసుకున్న లెక్క నుంచీ అంకెలు చేర్చాను.

బలాలు

“మంచి పేరు” తీసేశాను. దాని బదులు ఇది: సాయంత్రం 4 గంటలకు దించే 48 ఎగ్ పఫ్‌లు 14 రోజుల్లో 11 రోజులు ఆరున్నరలోపే అయిపోయాయి. పొద్దున్నే బ్రెడ్డుకు తప్పకుండా వచ్చే ఇళ్లు 30 ఉన్నాయి. మూడో బలం కోసం వెతికాను, దొరకలేదు.

బలహీనతలు

వదిన రాయించిన “సిబ్బంది కొరత” నిజమే కానీ అసలు సంగతి వేరు. ఐసింగ్ వచ్చినది మాస్టర్ ఒక్కరికే. పోయిన నెల ఆయన రాని 3 రోజుల్లో 4 పుట్టినరోజు కేకులు వదులుకున్నాం.

“వృథా ఎక్కువ” అన్నది కూడా అంకెగా మార్చాను. 14 రోజుల్లో పారేసిన క్రీమ్ పేస్ట్రీలు 61. సరుకు ఖర్చు ఒక్కోదానికి 22 రూపాయలు, మొత్తం 1,342. ఎక్కువగా సోమ, మంగళవారాల్లోనే మిగిలాయి. ఆ రెండు రోజులూ 24 బదులు 14 చేసి చూద్దాం.

నీకు కోపం వచ్చినా రాయక తప్పదు: అరువు బాకీ 6,400. అందులో 2,100కి పేరే లేదు, “ఎర్ర బండి” అని ఉంది.

అవకాశాలు

“ఆన్‌లైన్‌లో అమ్మాలి” అవకాశం కాదు, మనం చేయాల్సిన పని. మన ప్రమేయం లేకుండా బయట జరిగేదే ఇక్కడ రాయాలి. వీధి చివర కొత్త లేడీస్ హాస్టల్లో 70 మంది ఉన్నారు. ఆదివారం ఉదయానికి బన్నులు ఇస్తారా అని వార్డెన్ రెండుసార్లు అడిగారు, మనం జవాబు చెప్పలేదు. ఈ శుక్రవారంలోగా నేను వెళ్లి ధర చెబుతాను.

ముప్పులు

2025 సెప్టెంబర్ 22 నుంచి కేకులు, బిస్కట్లపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. మనకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు, మన ధరలో ఆ పన్ను ఎప్పుడూ లేదు కనుక తగ్గించడానికీ ఏమీ లేదు. కిరాణా కొట్లోని కంపెనీ కేకు ప్యాకెట్ ధర మాత్రం తగ్గే వీలుంది. వెన్న మీద 12 నుంచి 5కి దిగడం ఒక్కటే మనకు ఊరట.

“ప్రకృతి వైపరీత్యాలు” అని రాసి ఊరుకున్నాం. సింగ్‌నగర్‌లో ఉంటూ అలా రాయడం ఏమిటి? 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు మైదా బస్తాలు నేల మీదే ఉన్నాయి. ఇప్పుడూ అక్కడే ఉన్నాయి. జూన్‌లోగా వాటిని మేడ మీది గదికి మార్చాలి. ఓవెన్‌ను ఎత్తలేం కాబట్టి దానికి బీమా ఉండాలి. పాత బీమా కాగితం బీరువాలో కనిపించలేదు, వదినను అడిగి చెప్పు.