బకెట్లలో జొన్నలు

శారద పేరు చెబితే నీటి రంగంలో అందరికీ గుర్తొచ్చేది ఒకే పేపరు. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఊళ్లకు కృష్ణా జలాలను గొట్టాల్లో తేవడం కంటే, పటిక, సున్నం కలిపి ఇంట్లోనే నీటిని శుభ్రం చేసుకునే నల్గొండ పద్ధతిని నేర్పడమే చౌక అని ఆమె 2011లో లెక్కలు కట్టి చూపించింది. ఆ లెక్క మొత్తం ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంది: ఒకసారి నేర్పిస్తే చాలా కుటుంబాలు ఆ పద్ధతిని తమంతట తామే కొనసాగిస్తాయి. ఆ వాక్యం చివర ఉన్న అంకె పద్నాలుగు. పద్నాలుగో మూలం 1980ల నాటి ఒక సర్వే నివేదిక.

ఆ నివేదిక కావాలని అడిగింది ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న మాధవి. థీసిస్‌లో పేర్కొన్న ప్రతి మూలం ప్రతినీ దగ్గర పెట్టుకోవాలన్నది ఆ అమ్మాయి పట్టుదల. శారద తన ఫైళ్లన్నీ వెతికింది. దొరకలేదు, దొరకడానికి అసలు అది ఆమె దగ్గర ఎప్పుడూ లేదు. వేరొకరి సమీక్షా వ్యాసంలో చూసి, అక్కడున్న వివరాలను ఉన్నవున్నట్టు తన జాబితాలోకి ఎక్కించుకుంది. పరిశోధన చేసేవాళ్లలో ఈ అలవాటు లేనివాళ్లు తక్కువ.

చివరికి ఖైరతాబాద్‌లోని ఒక పాత కార్యాలయం స్టోర్‌రూమ్‌లో, తాడుతో కట్టిన కట్టల మధ్య ఒక ప్రతి బయటపడింది. టైపు చేసి సైక్లోస్టైల్ తీసిన కాగితాలు, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. సమీక్షలో పేర్కొన్న పట్టిక ఇరవై రెండో పేజీలో ఉంది. శిక్షణలో ఇచ్చిన కుళాయి బకెట్టు ఇంకా ఇంట్లో ఉందా అన్న ప్రశ్నకు దాదాపు అన్ని ఇళ్లలోనూ 'ఉంది' అనే జవాబు వచ్చింది. సమీక్ష రాసినవారు అక్కడితో ఆగిపోయి ఉంటారు. శారద పేజీ తిప్పింది.

"బకెట్టు ఉన్న ఇళ్లలో ఎక్కువ భాగం దానిని జొన్నలు, పప్పులు పోసుకోవడానికి వాడుతున్నారు. కార్యకర్త వారం వారం వచ్చినంత కాలం పటిక వేశారు. రాకపోకలు ఆగిన తరువాత తిరిగి పాత బావి నీళ్లే తాగుతున్నారు. పటిక ఎంత వేయాలో ఎవరికీ గుర్తు లేదు."

అది పట్టించుకోకుండా దాటేయగల విషయం కాదు. నీటిలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్నదాన్ని బట్టి పటిక మోతాదు మారుతుంది. కలిపి, పది నిమిషాలు తిప్పి, మడ్డి అడుగుకు చేరేదాకా ఆగి, పైనీటిని మాత్రమే వంచుకోవాలి. రోజూ పొలానికి వెళ్లే మనిషి ఇదంతా ఎవరి కోసం చేస్తాడన్నది నివేదిక రాసినాయనకు ఆనాడే అర్థమైంది.

శారద ఆ రాత్రే లెక్క మళ్లీ కట్టింది. కార్యకర్త జీతాన్ని ఏటా ఖర్చులో కలిపేసరికి చౌక పద్ధతి చౌక కాకుండా పోయింది. మధ్యలో 2016లో మిషన్ భగీరథ మొదలై నదీజలాలు గొట్టాల్లోనే ఊళ్లకు చేరడంతో, ఆమె పేపరు ఎవరి నీళ్లనూ ఆపలేకపోయిందన్న ఊరట కొంత మిగిలింది. దానివల్ల పేపరు నిజమైపోదు.

మర్నాడు పద్మారావు నగర్‌లో ఆమె గైడు ఇంటికి వెళ్లింది. పదవీ విరమణ చేసిన ఆ పెద్దాయన పేపరులో రెండో రచయిత. కాగితాలన్నీ ఓపిగ్గా చదివి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

"ఆ పద్నాలుగో నంబరు తీసేసి ఇంకోటి పెట్టమ్మా. ఇన్నేళ్ల తరువాత ఎవరు చూస్తారు?"

"పెట్టడానికి ఇంకోటి లేదు సార్. వెతికాను. ఆ మాట చెప్పినవాళ్లంతా మన పేపరునే చూపిస్తున్నారు."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కాఫీ వచ్చింది, చల్లారింది.

"ఉపసంహరించుకుంటావా?"

"ముందు ఎడిటర్‌కు రాస్తాను. ఆ రెండు పేజీలూ, కొత్త లెక్కా జతచేస్తాను. సవరణతో సరిపోతుందో, తీసేయాలో వాళ్లు చెబుతారు. మీ సమ్మతి కూడా కావాలి సార్."

"ఆలోచించి చెప్తాను."

"శుక్రవారం దాకా చూస్తాను. ఆ తరువాత నా ఒక్కదాని పేరుతోనే పంపుతాను, మీకు కాపీ పెడతాను."

సంస్థకు తిరిగి వచ్చేసరికి మాధవి తలుపు దగ్గరే నిలబడి ఉంది. మూడో అధ్యాయం మొత్తం ఆ పేపరు మీదే కట్టుకుంది మరి.

"మేడం, నా అధ్యాయం?"

"పోతుంది. అయితే ఆ నివేదికలోని ఊళ్ల పేర్లన్నీ చివర అనుబంధంలో ఉన్నాయి. అక్కడికి వెళ్లి ఇప్పుడు ఏ నీళ్లు తాగుతున్నారో అడిగితే కొత్త అధ్యాయం అవుతుంది. అడిగి ఊరుకోకు, నీళ్ల నమూనా కూడా తీసుకురా."

మాధవి నోటుపుస్తకం తెరిచి ఊళ్ల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టింది. శుక్రవారం సాయంత్రం దాకా గైడు దగ్గరనుంచి జవాబు రాలేదు. ఆరు గంటలకు శారద మెయిల్ పంపింది.