నీలం రంగు ఆలస్యమైతే ఏం బయటపడింది?

హన్మకొండ చౌరస్తాలో బస్సు కదిలిపోతుంటే బ్యాగు పట్టుకుని ఒక్కసారిగా పరుగు తీస్తాం కదా, ఆ మొదటి కొన్ని సెకన్లకు కావాల్సిన శక్తిలో పెద్ద వాటా కండరంలో ముందే దాచి ఉన్న ఫాస్ఫోక్రియాటిన్‌ది. అది తన ఫాస్ఫేట్‌ను ఏడీపీకి ఇచ్చేసి ఏటీపీ తగ్గిపోకుండా చూస్తుంది. ఇప్పుడు ఇది మన సిలబస్‌లో ఒక పేరా. కానీ అసలు అలాంటి పదార్థం ఒకటుందని ఎలా తెలిసిందో చెప్పే వ్యాసం 1927లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది, మూడు పేజీలే. రాసింది హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో పనిచేస్తున్న సైరస్ ఫిస్కే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఈ ఇద్దరి పేర్లూ మనకు ల్యాబ్‌లో రోజూ వినపడేవే. ఫాస్ఫేట్ ప్రాక్టికల్‌లో మాలిబ్డేట్ పోసి, ఏఎన్ఎస్ఏ కలిపి, నీలం రంగు వచ్చేదాకా ట్యూబు వంక చూస్తూ నిలబడతామే, అది వాళ్లు 1925లో ప్రచురించిన పద్ధతే. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన.

అదే పద్ధతితో వాళ్లు ప్రొటీన్లు తీసేసిన కండరపు ద్రావణాన్ని కొలుస్తుంటే ఒక తేడా కనిపించింది. మామూలు ఫాస్ఫేట్‌తో నిమిషాల్లో వచ్చేసే రంగు ఇక్కడ నిదానంగా వస్తోంది, ఆగకుండా పెరుగుతూ పోతోంది. రియేజెంట్ పాడైందేమోనని పారబోసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. వాళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఫాస్ఫేట్ విడిగా లేదు, దేన్నో అంటిపెట్టుకుని ఉంది, ఆమ్లంలో మాలిబ్డేట్ తగిలేసరికి కొద్దికొద్దిగా విడిపోతోంది, విడిపోయినంత మేరకే రంగు తేలుతోంది. వెతికితే ఆ అంటుకున్నది క్రియాటిన్ అని తేలింది, ఒక క్రియాటిన్‌కు ఒక ఫాస్ఫేట్ చొప్పున. అంటే అప్పటిదాకా కండరంలో ఇనార్గానిక్ ఫాస్ఫేట్ అని లెక్కేసినదాంట్లో చాలా భాగం అసలు ఇనార్గానిక్ కానే కాదు!

నాకు బాగా నచ్చింది దీని తర్వాతి భాగం. కండరాన్ని ఉత్తేజపరిచి పని చేయిస్తే ఆ పదార్థం తగ్గింది, విశ్రాంతి ఇస్తే మళ్లీ తయారైంది. ఇంగ్లండ్‌లో ఎగుల్టన్ దంపతులు కూడా దాదాపు అదే సమయంలో విడిగా దీన్ని గుర్తించి ఫాస్ఫాజెన్ అన్నారు. 1929లో ఫిస్కే, సుబ్బారావు కండరం నుంచి ఏటీపీని కూడా వేరుచేశారు. జర్మనీలో లోమన్ అదే ఏడాది ఏటీపీని కనుగొన్నాడు.

వ్యాసం కాపీ సెమినార్ లైబ్రరీలో పెట్టాం, ఒక్క పూటలో చదివేయొచ్చు. గురువారం ఫాస్ఫేట్ ప్రాక్టికల్‌కు వచ్చే ఫస్టియర్ వాళ్లు ఈసారి పది నిమిషాలకు ఒక్క రీడింగ్‌తో సరిపెట్టకుండా, నిమిషానికొకటి చొప్పున 660 నానోమీటర్ల దగ్గర తీసి గ్రాఫ్ గీయండి, స్టాండర్డ్‌లో రంగు ఎప్పుడు నిలకడకు వస్తుందో మీ కళ్లతో మీరే చూస్తారు.

— ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ, రెండో సంవత్సరం