కల్వర్టు కింద పూడుకుపోయిన మోరీపై మున్సిపల్ కమిషనర్‌కు ఫిర్యాదు

తేది: 14.07.2025

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,
మున్సిపల్ కార్యాలయం,
నల్లగొండ జిల్లా.

విషయం: 11వ వార్డు, గాంధీనగర్ – పోచమ్మ గుడి మూల మీది కల్వర్టు కింద మోరీ పూడుకుపోయి మురుగునీరు రోడ్డెక్కడం – స్లాబు తీసి పూడిక ఎత్తించాలని విన్నపం.

సూచిక: తేది 16.06.2025న మీ కార్యాలయంలో ఇచ్చిన దరఖాస్తు, ఇన్‌వర్డ్ నం. 1147.

స్థలం: పాత బస్టాండ్ నుంచి చెరువుకట్టకు పోయే రోడ్డులో ఎడమ చేతి వైపు మూడో గల్లీ. అంగన్‌వాడీ కేంద్రం నుంచి పోచమ్మ గుడి మూల దాకా సుమారు 60 మీటర్లు. కల్వర్టు పక్కనే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది.

అయ్యా,

పై సూచికలోని దరఖాస్తు గురించి అడిగితే, పని అయిపోయిందని, ఫిర్యాదు పరిష్కారమైనట్టు నమోదు చేశామని వార్డు సిబ్బంది చెప్పారు. పని కాలేదు. మళ్లీ రాయవలసి వచ్చింది అందుకే.

జూన్ నెలాఖరులో ఇద్దరు కార్మికులు వచ్చి, మోరీకి మూత లేని చోటల్లా పారలతో తీశారు. వాళ్ల కష్టానికి వంక పెట్టడం లేదు. కానీ తీసిన సిల్టును గట్టు మీదే కుప్పలు పోసి, ఎత్తుకుపోవడానికి ట్రాక్టర్ వస్తుందన్నారు. ట్రాక్టర్ కంటే ముందు వాన వచ్చింది. కుప్పలు చాలావరకు కరిగి మళ్లీ మోరీలోకే చేరాయి.

అయినా అసలు అడ్డం పైన లేదు, కల్వర్టు కింద ఉంది. అంగన్‌వాడీ వైపు మురుగు అంచుదాకా నిలబడి ఉంటే, కల్వర్టు దాటాక మోరీ అడుగు కనబడుతోంది. వెదురుబొంగు లోపలికి పెట్టి చూశాం, మూరెడు కూడా పోలేదు. సీసీ రోడ్డు పోసినప్పుడు స్లాబు మీదుగా కాంక్రీటు వేసేశారు కాబట్టి దాన్ని చేతులతో లేపడం కుదరదు. పారతో అయ్యే పని కాదని మొదటి దరఖాస్తులోనూ రాశాం. ఆ వాక్యం ఎవరి కంటా పడినట్టు లేదు.

ఇప్పుడు చినుకు పడినా నీళ్లు రోడ్డెక్కుతున్నాయి. అంగన్‌వాడీ గేటు ముందు ఇటుకలు పేర్చి పిల్లలను దాటిస్తున్నారు. దోమల సంగతి చెప్పనక్కర్లేదు. వీటన్నిటికంటే మాకు భయం నల్లా నీళ్లతో. మూడు నాలుగు ఇళ్లకు పోయే నల్లా పైపు ఈ మోరీలోంచే పోతుంది. ఒకచోట జాయింటు కారుతుంటే సైకిల్ ట్యూబు చుట్టి, పైన బైండింగ్ వైరు బిగించారు. ఆ జాయింటు ఇప్పుడు పూర్తిగా మురుగులో మునిగి ఉంది. సప్లై బంద్ అయ్యాక పైపులో ప్రెషర్ పడిపోతే, కారే చోటనే బయటి నీరు లోపలికి లాగుతుంది. పొద్దున నల్లా విప్పగానే వచ్చే మొదటి రెండు బిందెలు వాసన కొడుతున్నాయి, పారబోస్తున్నాం. దయచేసి ఈ నీటిని పరీక్షకు పంపించండి.

కాబట్టి మీరు శానిటేషన్ వాళ్లకే కాక ఇంజినీరింగ్ విభాగానికి కూడా ఈ దరఖాస్తు పంపాలి. ఏఈ గారు ఒక్కసారి వచ్చి కల్వర్టు చూస్తే సగం పని అయినట్టే. స్లాబు పగలగొట్టి, జెట్టింగ్ మెషిన్‌తో పూడిక తీయించి, అదే రోజు సిల్టు ఎత్తించాలి. తర్వాత మళ్లీ సీసీతో మూసేయకుండా, లేపడానికి వీలైన మూత పెట్టించాలి. నల్లా పైపును మోరీలోంచి తప్పించాలి. అప్పటిదాకా బ్లీచింగ్, దోమల మందు కొట్టించండి.

ఇంకో మాట. ఈ మోరీలోకి కొన్ని ఇళ్ల సెప్టిక్ ట్యాంకు నీరు కూడా కలుస్తోంది. కాబట్టి కార్మికులను వట్టి చేతులతో లోపలికి దింపవద్దు. మనుషులతో మలమూత్రాలు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 నాటి చట్టం కూడా రక్షణ పరికరాలు లేకుండా అలా దింపడాన్ని ఒప్పుకోదు.

మా గల్లీలోనూ కొందరు ఇంటి ముందు ర్యాంపులు మోరీ మీదికి కట్టుకున్నారు. పనికి అడ్డమైతే నోటీసు ఇచ్చి తీయించండి, కాలనీ తరఫున మేం అడ్డు చెప్పం. శ్రావణంలో పోచమ్మ బోనాలు ఈ కల్వర్టు మీదుగానే పోతాయి, ఆలోపు అయితే అందరికీ మంచిది.

పని ఎప్పుడు మొదలవుతుందో రాతపూర్వకంగా తెలపండి. మేం చూసి సంతకం పెట్టేదాకా ఫిర్యాదు మూసేయవద్దు. ఈ నెలాఖరులోగా పని మొదలు కాకపోతే, రెండు దరఖాస్తులూ పట్టుకుని సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికి ఇస్తాం. నా ఫోన్ నంబరు మొదటి దరఖాస్తులో ఉంది. వచ్చే ముందు ఫోన్ చేస్తే నేనే దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
కె. యాదయ్య
గాంధీనగర్ మూడో గల్లీ వాసుల తరఫున

జతపరచినవి: 16.06.2025 నాటి రసీదు జిరాక్స్, కల్వర్టు రెండు వైపులా, పైపు జాయింటు దగ్గర తీసిన ఫొటోలు, గల్లీవాసుల సంతకాలు.

ప్రతి: శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారికి, 11వ వార్డు ఆఫీసర్ గారికి.