వరి విత్తన శుద్ధి ప్రదర్శన: పరిశీలన నివేదిక

పరిశీలించినది: మండల వ్యవసాయ అధికారి
ప్రదర్శన ఇచ్చినది: గ్రామ వ్యవసాయ సహాయకురాలు
స్థలం: రైతు సేవా కేంద్రం ఆవరణ. హాజరు: 34 మంది, వారిలో 11 మంది మహిళలు.

చేసి చూపించడం: 10కి 8

అమ్మా, ఉప్పునీటి పరీక్ష మీరు చూపించిన తీరు నాకు చాలా నచ్చింది. ముందు మంచినీళ్లలో గుడ్డు వేసి, మునిగిందని చూపించాకే ఉప్పు పోశారు. పాత గుడ్డయితే మంచినీళ్లలోనే తేలుతుందని, దాన్ని నమ్మి ఉప్పు ఆపేస్తే తాలు అడుగునే ఉండిపోతుందని చెప్పారు. గుడ్డు పైకి లేచి రూపాయి బిళ్లంత బయటపడగానే వెనక వరుస వాళ్లు కూడా లేచి ముందుకొచ్చారు. తేలిన తాలు తీసేసి, మునిగిన గింజల్ని మూడుసార్లు కడిగించారు. ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుందన్న కారణం కూడా చెప్పారు.

రెండు మార్కులు తగ్గించింది ఒక్క విషయానికే. కార్బెండజిమ్ కలిపేటప్పుడు మీరు గ్లౌజులు వేసుకున్నారు, కానీ గింజలు కలిపిన పెద్దాయన వట్టి చేతులతోనే కలిపారు. రైతులు ఇంటికెళ్లి ఆయన చేసినట్టే చేస్తారు. ఇకపై రెండు జతలు తీసుకెళ్లండి.

స్పష్టత: 10కి 6

లీటరు నీటికి గ్రాము మందు, కిలో విత్తనానికి లీటరు మందునీరు, 24 గంటలు నానబెట్టి 24 గంటలు మండె కట్టడం. అన్నీ సరిగ్గానే చెప్పారు. కానీ గ్రాము తూచే కాటా ఏ ఇంట్లో ఉంటుంది? ఎకరానికి 25 కిలోల విత్తనమైతే 25 లీటర్ల నీళ్లు, 25 గ్రాముల మందు. అంటే వంద గ్రాముల ప్యాకెట్ నాలుగెకరాలకు వస్తుంది. ఇలా చెబితే గుర్తుంటుంది. పొడి శుద్ధికి కిలోకు 3 గ్రాములని మధ్యలో చెప్పడంతో కొందరు తికమకపడ్డారు. అది మెట్ట వరికి. ఈ ఊళ్లో అందరిదీ దమ్ము నారుమడే, వదిలేయొచ్చు.

రైతుల ప్రశ్నలు: 10కి 5

తేలిన తాలు కోళ్లకు వేయొచ్చా అని ఒకామె అడిగితే, మందు కలపకముందు తీసిందే కాబట్టి కడిగి వేయొచ్చని వెంటనే చెప్పారు. బాగుంది. మిగిలిన మందునీళ్లు కాలవలో పోయొద్దన్నదీ గట్టిగానే చెప్పారు.

దాళ్వాలో కోసిన సొంత విత్తనం మొలుస్తుందా అన్న ప్రశ్నకు మాత్రం "చూద్దాం" అని దాటేశారు. ఆ రోజు వచ్చిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అదే. నిద్రావస్థ ఉంటే గింజ మొలవదు, నారు పలచబడుతుంది, మళ్లీ విత్తనం కొనాలి. ముందుగా వంద గింజలు తడిగుడ్డలో మొలకకట్టి చూడమనండి. మొలక సరిగా రాకపోతే నత్రికామ్లంతో శుద్ధి చేయాలి; అది మీ సమక్షంలోనే జరగాలి. అడిగిన రైతు ఇంటికి ఈ వారంలోనే వెళ్లి చెప్పి రండి. నారుమడికి ఇంకా పది రోజులే ఉంది.