వదినకు స్కిప్పింగ్ ప్లాన్: ఎనిమిది వారాలు, పిక్కలు ఒప్పుకున్నంత వరకే

వదినా,

మీరు అడిగిన ప్లాన్ ఇదిగో. సంక్రాంతి హడావుడి అయ్యాక వచ్చే సోమవారం మొదలుపెట్టండి. వారానికి మూడు రోజులు: సోమ, బుధ, శని. మంగళ, గురువారాలు మీకు గచ్చిబౌలి ఆఫీసు కదా, అవి వదిలేశాను. పొద్దున 6:15కి టెర్రస్ ఎక్కితే అరగంటలో కిందికి వచ్చేస్తారు.

ముందే ఒక మాట చెప్పాలి. రెండు మూడు వారాలకే ఆయాసం తగ్గుతుంది, ఇంకాసేపు ఎగరొచ్చు అనిపిస్తుంది. చాలామంది దెబ్బ తినేది అక్కడే. ఊపిరి త్వరగా అలవాటు పడుతుంది, పిక్క కండరాలకు ఇంకొంచెం టైం పడుతుంది, మడమ వెనక చేతికి గట్టిగా తగిలే అకిలిస్ టెండన్‌కైతే నెలలు కావాలి. అందుకే ఈ ప్లాన్‌లో తరవాతి వారానికి వెళ్లాలా వద్దా అన్నది మీ పిక్కలను అడిగే నిర్ణయిస్తాం.

మొన్న ఇంటికి వచ్చినప్పుడు గోడ పట్టుకుని ఒంటికాలి మీద మడమలు ఎత్తించాను, గుర్తుంది కదా. కుడి కాలితో 12 వచ్చాయి, ఎడమతో 8కే వణుకు మొదలైంది. మొదలుపెట్టడానికి ఇది చాలు. కానీ ఎడమ కాలు వెనకబడి ఉందన్న సంగతి ఎనిమిది వారాలూ మనసులో ఉంచుకోండి.

తాడు, చోటు, బూట్లు

వైరు తాడు వద్దు. చాలా వేగంగా తిరుగుతుంది, కాలికి తగిలితే చుర్రుమంటుంది. పూసల తాడు గానీ కాస్త లావు పీవీసీ తాడు గానీ తీసుకోండి. బరువు ఉంటుంది కాబట్టి తాడు ఎక్కడుందో చేతికి తెలుస్తుంది. పొడవు కొలవడానికి తాడు మధ్యలో ఒక పాదం పెట్టి నిలబడి రెండు పిడులూ పైకి లాగండి. పిడుల పైకొన చంక దాకా రావాలి. ఎక్కువుంటే ముడి వేసెయ్యండి, కత్తిరించకండి.

టెర్రస్ మీద కూలింగ్ టైల్స్ వేసిన వైపు వద్దు, మంచు పడ్డ పొద్దున అవి జారతాయి. వాటర్ ట్యాంకు పక్కన సిమెంటు నేల మీద పల్చటి రబ్బరు మ్యాట్ పరవండి. యోగా మ్యాట్ మెత్తగా ఉండి తాడును పట్టేస్తుంది, పాదం కూడా అటూ ఇటూ ఒరుగుతుంది. ఆ చోటు కింద ఎవరి బెడ్రూం ఉందో వాచ్‌మన్‌ని అడిగి చూసుకోండి. పై అంతస్తులో పెద్దవాళ్లున్నారని మీరే చెప్పారు.

వాకింగ్ బూట్ల మడమ బాగా అరిగిపోయింది, అవి పనికిరావు. పాదం ముందు భాగం కింద మెత్తదనం ఉన్నవి కావాలి. ఉత్త కాళ్లతో మాత్రం అస్సలు వద్దు.

ఎగరడం ఎలా

నేల నుంచి రెండు మూడు సెంటీమీటర్లు లేస్తే చాలు. తాడు మందం ఒక సెంటీమీటర్ కూడా ఉండదు, దాని కోసం అడుగెత్తు ఎగరక్కర్లేదు. ఎత్తుకు ఎగిరిన ప్రతిసారీ దిగేటప్పుడు ఆ భారమంతా పిక్కే మోయాలి. పాదం ముందు భాగం మీద దిగండి, మోకాళ్లు కొంచెం వంగి ఉండాలి. మడమ నేలను అలా తాకీ తాకనట్టు ఉండొచ్చు. అసలు తాకకూడదని బిగబట్టి మునివేళ్ల మీదే ఉంటే పిక్కలు రెండు నిమిషాల్లో రాళ్లవుతాయి.

తాడు తిప్పాల్సింది మణికట్టు. మోచేతులు పక్కటెముకల దగ్గర, పిడులు చుడీదార్ జేబు ఎత్తులో, శరీరానికి కాస్త ముందుకు ఉండాలి. అలసిపోయేకొద్దీ చేతులు మీకు తెలియకుండానే పక్కలకు జరుగుతాయి. అలా జరిగితే తాడు పొట్టిదవుతుంది, బొటనవేలికి తగులుతుంది. అప్పుడు భయంతో ఇంకా ఎత్తుకు ఎగురుతారు. తాడు కాలికి తగిలిన ప్రతిసారీ ముందు చేతులు ఎక్కడున్నాయో చూసుకోండి, పది సార్లలో తొమ్మిది సార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

చప్పుడు కూడా వినండి. తాడు నేలకు ‘టక్’మని తగలాలి, మీ పాదాల శబ్దం దానికంటే చిన్నగా ఉండాలి. పాదాలు ‘ధన్ ధన్’మంటున్నాయంటే పిక్కలు అలసిపోయినట్టే. ఇంకా ఐదు సెకన్లు ఉన్నా అక్కడితో ఆ రౌండ్ ఆపెయ్యండి.

ప్రతిసారీ ముందు ఐదు నిమిషాలు

లిఫ్ట్ వదిలేసి మెట్లెక్కి పైకి రండి. చీలమండలు రెండు వైపులా తిప్పండి, రెండు కాళ్లతో 15 సార్లు మడమలెత్తండి, తాడు లేకుండా 20 చిన్న గెంతులు వెయ్యండి. చలి పొద్దుల్లో ఇది అస్సలు మానొద్దు.

ఎనిమిది వారాలు

ఫోన్‌లో ఇంటర్వల్ టైమర్ పెట్టుకోండి. ఎగిరేది, ఆగేది సెకన్లలో రాస్తున్నాను. మీ వేగం నిమిషానికి 110 గెంతుల దగ్గర ఉంటుందనుకుని లెక్క వేశాను.

1వ వారం: 15 సెకన్లు ఎగరడం, 45 ఆగడం, 8 రౌండ్లు. అంటే మొత్తం 2 నిమిషాలు, సుమారు 220 గెంతులు. సోమవారం మొదటి 4 రౌండ్లు రెండు పిడులూ ఒకే చేతిలో పట్టుకుని తాడును పక్కన తిప్పుతూ, దాని లయకు గెంతండి. రెండు రౌండ్లు కుడి పక్క, రెండు ఎడమ పక్క. మిగతా 4 రౌండ్లు తాడు మీదుగా. ఒక్క గెంతు, ఆగడం, మళ్లీ ఒక్క గెంతు అయినా ఫర్వాలేదు. బుధవారానికి వరసగా ఐదు వస్తే చాలు.

మధ్యలో చిన్న గెంతు వేస్తూ, తాడు ఒకసారి తిరిగేలోపు రెండుసార్లు ఎగరడం అందరికీ వస్తుంది. మొదటి వారం పట్టించుకోకండి. రెండో వారంలో తాడును కొంచెం వేగంగా తిప్పితే అదే పోతుంది. పోకపోతే కచ్చితంగా సరిచెయ్యాలి, ఎందుకంటే అది పిక్కల పనిని రెట్టింపు చేస్తుంది.

2వ వారం: 20 ఎగరడం, 40 ఆగడం, 8 రౌండ్లు.

3వ వారం: అదే 20, 40. రౌండ్లు 10. మొత్తం 3 నిమిషాల 20 సెకన్లు, సుమారు 370 గెంతులు. కొత్త స్టెప్పులేవీ వద్దు.

4వ వారం తేలిక వారం. 20, 40తో 6 రౌండ్లే. ఒళ్లు బాగానే ఉంది కదా అని పెంచకండి, టెండన్ కోలుకోవడానికే ఈ వారం పెట్టాను. ఇందులో బాక్సర్ స్టెప్ నేర్చుకోండి. రెండు పాదాలూ నేల దగ్గరే ఉంటాయి, బరువు మాత్రం ఒక గెంతుకు కుడి మీదికి, తరవాతి గెంతుకు ఎడమ మీదికి మారుతుంది. ముందు తాడు లేకుండా వంటింట్లో నిలబడి చెయ్యండి. ఈ స్టెప్ వస్తే ఒక పిక్క పని చేస్తుండగా రెండోదానికి కాస్త ఊపిరి దొరుకుతుంది.

5వ వారం: 30 ఎగరడం, 45 ఆగడం, 7 రౌండ్లు. ఒక్కో రౌండ్ పొడుగైంది గానీ మొత్తం 3:30, అంటే మూడో వారం కంటే పది సెకన్లే ఎక్కువ. ప్రతి రౌండ్‌లో సగం మామూలు గెంతు, సగం బాక్సర్ స్టెప్.

6వ వారం: 30 ఎగరడం, 30 ఆగడం, 9 రౌండ్లు. అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఇదే. ఆగే టైం తగ్గింది కాబట్టి చివరి మూడు రౌండ్లలో చేతులు పక్కకు జరుగుతాయి. ఆగినప్పుడు నిలబడిపోకుండా అటూ ఇటూ నడవండి. మాట మూడు నాలుగు ముక్కలుగా రావాలి, అసలు రాకపోతే తరవాతి రౌండ్ ముందు ఇంకో 15 సెకన్లు ఆగండి.

7వ వారం: 40, 40, 6 రౌండ్లు. ఇందులో కొత్తది జాగింగ్ స్టెప్: ఒక్కో తాడుకు ఒక్కో కాలు, ఉన్నచోటే పరుగెత్తినట్టు. ఒక్కో దిగుడులో ఒళ్లంతా ఒకే పిక్క మీద పడుతుంది కాబట్టి మొదటి రోజు రెండు రౌండ్లలో 10 సెకన్ల చొప్పునే. ఎడమ కాలి మీద దిగేటప్పుడు చప్పుడు పెద్దదైతే మళ్లీ బాక్సర్ స్టెప్‌కు వచ్చెయ్యండి.

8వ వారం: 40, 40, 8 రౌండ్లు. మొత్తం 5:20, దాదాపు 590 గెంతులు.

పిక్కలకు బలం

సోమ, శనివారాలు స్కిప్పింగ్ అయ్యాక మెట్టు అంచున నిలబడి, రెయిలింగ్ పట్టుకుని మడమలెత్తండి. రెండు సెకన్లు పైకి, ఒక సెకను ఆగి, మూడు సెకన్లు కిందికి. మోకాలు నిటారుగా 12, మోకాలు కాస్త వంచి 12, ఒక్కోటి రెండు సెట్లు. వంచినప్పుడు లోపలుండే సోలియస్ కండరం ఎక్కువ పని చేస్తుంది. మోకాలు కొద్దిగా వంగి దిగే స్కిప్పింగ్‌కు అదే ఆధారం, అయినా అందరూ దాన్నే మానేస్తారు. మూడో వారం నుంచి ఒంటికాలి మీద, ముందు ఎడమ. ఎడమకు ఎన్ని వస్తే కుడికీ అన్నే, ఎక్కువొద్దు. రెండు కాళ్లకూ 15 దాటితేగానీ ఏడో వారం జాగింగ్ స్టెప్ మొదలుపెట్టకండి. అప్పటికి దాటకపోతే ఆరో వారమే ఇంకోసారి చెయ్యండి.

మర్నాటి పొద్దున

మంచం దిగి మొదటి పది అడుగులు గమనించండి. పిక్కల్లో రెండు పక్కలా ఒకేలా పట్టేసినట్టుండి, కాసేపు తిరిగితే వదిలితే మంచిదే, ప్లాన్ సాగించండి. నొప్పికి పదికి ఎన్ని మార్కులిస్తారో చూసుకోండి. మూడు దాటితే, లేదా రెండో రోజు పొద్దున కూడా ఉంటే, ఆ వారాన్నే మళ్లీ చెయ్యండి. అకిలిస్ దగ్గర వేలితో నొక్కితే నొప్పి, పొద్దున్నే బిగుతు ఉంటే ఒక వారం గెంతులు ఆపి మడమలెత్తడం మాత్రం నిదానంగా చెయ్యండి.

కాలి ముందు ఎముక మీద ఒకే చోట, వేలు పెట్టి చూపించగలిగేంత నొప్పి ఉంటే ఆపేసి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. ఎగురుతుండగా పిక్కలోనో మడమ వెనకో ఎవరో కొట్టినట్టు ‘టప్’మంటే అదే రోజు వెళ్లాలి. ఒక్క పిక్కే వాచి, వేడిగా, ఎర్రగా అయితే స్కిప్పింగ్ నొప్పే అనుకుని ఊరుకోకండి. రక్తం గడ్డకట్టినప్పుడు కూడా అలాగే ఉంటుంది కాబట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకో సంగతి, అన్నయ్యకు చూపించే ముందు మీరు చదవండి. గెంతేటప్పుడు మూత్రం చుక్కలు పడితే సిగ్గుపడాల్సిందేమీ లేదు, కాన్పుల తరవాత చాలామందికి ఉంటుంది. స్కిప్పింగ్ ముందు టాయిలెట్‌కి వెళ్లి రండి. అయినా పడుతుంటే తాడు పక్కన పెట్టి నాకు ఫోన్ చెయ్యండి, పెల్విక్ ఫ్లోర్, అంటే మూత్రాశయాన్ని కింద నుంచి మోసే కండరాలు చూసే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి ఇద్దరం వెళ్దాం. వ్యాయామాలతో చాలామందికి తగ్గుతుంది.

పెళ్లిళ్లు, ఎండలు

మాఘమాసంలో మీకు మూడు పెళ్లిళ్లున్నాయి. రాత్రంతా హీల్స్‌తో ఫంక్షన్ హాల్లో నిలబడితే పిక్కలకు అది కూడా పనే. మర్నాడు స్కిప్పింగ్ రోజైతే ఒక రోజు జరపండి, అప్పుడు దాని తరవాతది కూడా జరపాలి. వరసగా రెండు రోజులు ఎగరొద్దు. వారంలో రెండే కుదిరితే ఆ వారం రెండే. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది కాబట్టి చివరి వారాల్లో 6 గంటలకే మొదలుపెట్టండి.

ఎనిమిది వారాలు అయ్యాక చేతులు అడ్డంగా దాటించి తాడు తిప్పే క్రిస్-క్రాస్ నేర్పిస్తాను. ఒక్క గెంతులో తాడు రెండుసార్లు తిప్పే డబుల్ అండర్స్ గురించి బాబు రోజూ అడుగుతున్నాడట. వాడికి చెప్పండి, అమ్మ ఒంటికాలి మీద 20 సార్లు మడమెత్తాక ఆ సంగతి చూస్తాం. నాలుగో వారం శనివారం నేనే వస్తాను, ఎడమ కాలు మళ్లీ లెక్కపెడదాం.